పరీక్షా కేంద్రంలో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఏర్పాట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉద్యోగ పోటీ పరీక్షలు రాసే మహిళల్లో చాలామంది పెళ్లయి, నెలల బిడ్డను చంకనేసుకుని వచ్చేవారే. డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతూ కొన్నేళ్లపాటు పరీక్షా కేంద్రాల్లో చీఫ్ సూపరింటెండెంట్‌గా పనిచేసిన కాలంలో గేటు దగ్గర, ఫోనులో నన్ను అడిగిన ప్రశ్నలనే ఇక్కడ రాస్తున్నాను. రోజుకు రెండు పూటలా జరిగే రాత పరీక్షను దృష్టిలో పెట్టుకుని జవాబులు ఇచ్చాను. ఒక్కో పరీక్షకు ఒక్కో నిబంధన ఉంటుంది కనుక, ఇక్కడి మాటకూ మీ హాల్‌టికెట్ మీది సూచనలకూ తేడా కనిపిస్తే హాల్‌టికెట్‌నే పాటించాలి.

గర్భిణికి గానీ, పాలిచ్చే తల్లికి గానీ అదనపు సమయం హక్కుగా వస్తుందా?

నోటిఫికేషన్‌లో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప రాదు. పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున ఇచ్చే అదనపు సమయం గురించి చాలామంది విని ఉంటారు. అది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద, 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్న అభ్యర్థులకు వర్తిస్తుంది. గర్భాన్నీ, పాలిచ్చే దశనూ ఆ చట్టం వైకల్యంగా లెక్కించదు. ప్రసూతి ప్రయోజనాల నిబంధనల్లోనూ బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు రోజుకు రెండు పాలిచ్చే విరామాలు ఉన్నాయి గానీ, అవి ఉద్యోగం చేస్తున్న తల్లికి పనిచేసే చోట దక్కేవి. పరీక్ష రాసే అభ్యర్థి ఆ పరిధిలోకి రారు.

అందువల్ల కేంద్రానికి వచ్చి, చట్టం పేరు చెప్పి అదనపు సమయం ఇవ్వమని పట్టుబడితే పని జరగదు. చీఫ్ సూపరింటెండెంట్‌కు ఆ అధికారం లేదు. సొంత నిర్ణయంతో 10 నిమిషాలు ఎక్కువ ఇస్తే రేపు మరో అభ్యర్థి ఫిర్యాదు చేయవచ్చు, అప్పుడు మీ జవాబు పత్రమే వివాదంలో పడుతుంది.

అయితే సమయం విషయంలో అసలు ఏమీ అడగకూడదా?

అడగవచ్చు, కానీ సరైన మాటతో అడగాలి. రాయడానికి ఎక్కువ సమయం వేరు, మధ్యలో ఆగి తిరిగి వచ్చినప్పుడు పోయిన సమయాన్ని తిరిగి కలపడం వేరు. పాలిచ్చే తల్లికి కావలసింది రెండోది. ఆమె మిగతావారికంటే నెమ్మదిగా రాయదు, మధ్యలో పావుగంట లేచి వెళ్లవలసి వస్తుంది, అంతే. అందరికీ ఇచ్చిన రెండున్నర గంటలే తనకూ చాలు, కానీ ఆ రెండున్నర గంటలూ తనకు పూర్తిగా దక్కాలి.

ఈ తేడాను బాగా తేల్చిన వ్యాజ్యం అమెరికాలోని మసాచుసెట్స్‌లో నడిచింది. రోజంతా సాగే వైద్య లైసెన్సు పరీక్ష రాయవలసిన ఒక తల్లి, తన బిడ్డకోసం పాలు పిండుకోవడానికి విరామ సమయం పెంచమని కోరింది. పరీక్షా మండలి ఒప్పుకోలేదు. 2007లో అక్కడి అప్పీలు న్యాయస్థానం రోజుకు అదనంగా 60 నిమిషాల విరామం ఇవ్వమని ఆదేశించింది. 2012లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కూడా ఆమె వాదనను సమర్థించింది. ఆమె అడిగింది విరామ సమయమే గానీ ప్రశ్నలకు జవాబు రాసే సమయం కాదు. ఆ తీర్పు మన దగ్గర ఎవరినీ కట్టిపడేయదు. అయినా పరీక్ష నిర్వహించే సంస్థకు ముందుగా దరఖాస్తు రాసేటప్పుడు ఇదే మాట వాడితే మీ కోరిక ఏమిటో వారికి స్పష్టంగా అర్థమవుతుంది, 'ఇతరులకు అన్యాయం' అనే అభ్యంతరానికీ తావుండదు.

కంప్యూటర్ పరీక్షలో ఇన్విజిలేటర్ గడియారాన్ని ఆపగలరా?

ఆపలేరు. తెర మీద తిరిగే గడియారం సర్వర్‌తో ముడిపడి ఉంటుంది. దివ్యాంగ అభ్యర్థులకు వచ్చే అదనపు సమయం కూడా వారి దరఖాస్తు వివరాల ఆధారంగా పరీక్షకు ముందే వ్యవస్థలో నమోదై వస్తుంది, కేంద్రంలో ఎవరూ కలపరు. మీరు కుర్చీలో లేకపోయినా సమయం కరుగుతూనే ఉంటుంది. కాబట్టి కంప్యూటర్ పరీక్షకు ఈ విన్నపాన్ని నిర్వహణ సంస్థకే, అదీ హాల్‌టికెట్లు రాకముందే పంపాలి. పరీక్ష రోజున కేంద్రంలో చేయగలిగింది కూర్చునే చోటు, నీళ్లు, మరుగుదొడ్డి, బిడ్డకు గది, ఇంతవరకే.

చంటిబిడ్డను పరీక్ష గదిలోకి తీసుకువెళ్లనిస్తారా?

పరీక్ష గదిలోకి సాధారణంగా అనుమతించరు. అడగవలసింది కేంద్రం ఆవరణలో బిడ్డను ఉంచడానికి అనుమతి. బిడ్డతోపాటు ఒక సహాయకురాలు, అంటే మీ అమ్మగారో అత్తగారో, గేటు లోపల ఒక గదిలో కూర్చునేందుకు చీఫ్ సూపరింటెండెంట్ ముందుగా ఒప్పుకోవాలి. ఒప్పుకునే ముందు ఆయనకు ఎదురయ్యే చిక్కు ప్రశ్నపత్రం గోప్యత. ఆ చిక్కును మీరే ముందుగా తీసేస్తే జవాబు తేలికవుతుంది. సహాయకురాలి ఆధార్ నకలు ఇవ్వండి. ఆమె ఫోను గేటు దగ్గరే అప్పగిస్తారని రాయండి. ఆమె అదే పరీక్షకు అభ్యర్థి కారనీ, పరీక్ష ముగిసేదాకా బయటికి వెళ్లరనీ రాసివ్వండి. చదువుకున్న మరదలికంటే పెద్దావిడను తెచ్చుకోవడం మంచిదని నా అనుభవం. గేటు దగ్గరి పోలీసులకు అనుమానం తక్కువ, బిడ్డకూ అలవాటైన చెయ్యి.

గది ఎక్కడ ఉందన్నది కూడా చూడాలి. పరీక్ష గదికి ఆనుకుని ఉన్న గది ఇస్తే ఉపకారం చేసినట్టు అనిపిస్తుంది గానీ, బిడ్డ ఏడుపు వినపడితే తల్లికి అప్పటికప్పుడు పాలు చేపుకు వస్తాయి. బట్ట తడుస్తుంది, మనసు ప్రశ్నపత్రం మీద నిలవదు. ఏడుపు వినపడనంత దూరంలో, నీడా ఫ్యానూ ఉన్న కింది అంతస్తు గదిని అడగండి. స్టాఫ్‌రూమ్ గానీ, ఆ రోజు వాడని ప్రయోగశాల గానీ చాలు.

ఒకసారి మా కేంద్రంలో ఉదయం పరీక్ష అయ్యాక బయటికి వెళ్లి చూస్తే, గేటు అవతల వేపచెట్టు కింద ఒక ముసలావిడ ఆరు వారాల పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని తువ్వాలుతో విసురుతూ కూర్చుని ఉంది. మూడు గంటలుగా అక్కడే ఉందట. లోపలికి రావచ్చా అని అడగాలని వారికి తెలియదు, అడిగి తెలుసుకోవాలని నాకు తోచలేదు. ఆ తరువాత నేను బాధ్యత వహించిన ప్రతి పరీక్షకూ ముందురోజే ఒక గదిని ఊడిపించి, మంచినీళ్లు పెట్టించి, గేటు దగ్గరి సిబ్బందికి చెప్పి ఉంచేవాణ్ణి. చెట్టు కింద గడిచిన ఆ మూడు గంటలు మాత్రం మనసులోంచి పోలేదు.

పరీక్ష మధ్యలో పాలివ్వడానికి బయటికి రావచ్చా?

చాలా పరీక్షల్లో గదిలోకి వెళ్లాక చివరిదాకా కేంద్రం విడిచి వెళ్లనివ్వరు. మరుగుదొడ్డికి మాత్రం సిబ్బంది తోడుతో పంపుతారు. పాలివ్వడానికి అనుమతి ఉంటే అదే పద్ధతి నడుస్తుంది. ప్రశ్నపత్రమూ ఓఎంఆర్ పత్రమూ బల్ల మీదే ఉంటాయి, ఒక మహిళా ఇన్విజిలేటర్ వెంట వచ్చి గది దగ్గరే నిలబడతారు, వెళ్లిన సమయం, వచ్చిన సమయం రాసుకుంటారు. తల్లీ సహాయకురాలూ మాట్లాడుకోకూడదు. ఈ షరతు కఠినంగా తోచవచ్చు గానీ, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే మీకు రక్షణ అదే. పోయిన సమయం తిరిగి రాదు, నిర్వహణ సంస్థ ముందే రాసిచ్చి ఉంటే తప్ప.

రెండున్నర గంటల పేపరులో మధ్యలో లేవకుండా ఉండేలా పాలిచ్చే వేళలను సర్దుకోవడమే మేలని నా అభిప్రాయం. లేచి వెళ్లి వచ్చిన 20 నిమిషాలు ఓఎంఆర్ పరీక్షలో చాలా ప్రశ్నలను మింగేస్తాయి.

ఆ వేళలను ఎలా సర్దుకోవాలి? ఒక రోజు లెక్క వేసి చూపగలరా?

నాలుగు నెలల బిడ్డ ఉన్న పొందూరు అభ్యర్థికి విజయనగరంలో కేంద్రం పడిందనుకుందాం. ఉదయం పేపరు 10 నుంచి 12.30 వరకు, మధ్యాహ్నం పేపరు 3 నుంచి 5.30 వరకు. గేటు ఉదయం 9.30కు, మధ్యాహ్నం 2.30కు మూస్తారని హాల్‌టికెట్ మీద ఉందనుకుందాం.

పేపరు రెండున్నర గంటలే అయినా బిడ్డకు తల్లి దూరమయ్యేది అంతకంటే ఎక్కువసేపు. ఆమె 8.45కు పాలివ్వడం మొదలుపెట్టి 9.10కి ముగించి, తనిఖీ వరుసలో నిలబడి లోపలికి వెళుతుంది. పేపరు ముగిశాక ఓఎంఆర్ పత్రాలు లెక్కపెట్టుకునేదాకా ఎవరినీ కదలనివ్వరు కనుక బయటికి వచ్చేసరికి 12.40 అవుతుంది. అంటే మూడున్నర గంటలు. వెంటనే బిడ్డకు పాలిస్తుంది, తాను భోంచేస్తుంది, మళ్లీ 1.50 నుంచి 2.10 వరకు పాలిచ్చి 2.20కి లోపలికి వెళుతుంది. సాయంత్రం 5.40కి వస్తుంది. అది మరో మూడున్నర గంటలు.

ఆ వయసు బిడ్డ సాధారణంగా రెండు, మూడు గంటలకోసారి పాలు తాగుతుంది. కాబట్టి పూటకు ఒక్కసారి తల్లి లేకుండా తాగవలసి వస్తుంది. రోజు మొత్తానికి రెండుసార్లు సరిపడా, ఒక్కోసారికి సుమారు 100 మిల్లీలీటర్ల చొప్పున, పిండిన పాలు సిద్ధంగా ఉండాలి. కొంత అదనంగా ఉంచుకోవడం మంచిది.

పొందూరు నుంచి ఉదయం రైలెక్కి ఈ లెక్క కుదుర్చుకోవడం కష్టం. రైలు అరగంట ఆలస్యమైతే ముందుగా పోయేది గేటు ముందు పాలిచ్చే సమయమే, ఆపైన లెక్కంతా తప్పుతుంది. వీలైతే ముందురోజు సాయంత్రమే చేరి, కేంద్రానికి దగ్గరలో బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో ఉండాలి. అలా చేస్తే మధ్యాహ్నం విరామంలో బిడ్డ పడుకోవడానికీ చోటు దొరుకుతుంది.

పిండిన పాలు ఎంతసేపు నిలుస్తాయి?

గది వేడి 25 డిగ్రీల లోపు ఉంటే నాలుగు గంటల వరకు ఉంచవచ్చు. మన దగ్గర వేసవిలో గది వేడి ఎప్పుడూ అంతకంటే ఎక్కువే కనుక ఆ నాలుగు గంటలను నమ్ముకోకూడదు. ముందురోజు పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలను ఉదయం ఐస్‌ప్యాక్‌లు ఉన్న వేడి చొరని పెట్టెలో సర్దుకుంటే 24 గంటల వరకు బాగుంటాయి. తాగించే ముందు గిన్నెను వేడి నీళ్లలో కాసేపు ఉంచి గోరువెచ్చగా చేయాలి, పొయ్యి మీద మరిగించకూడదు. ఒకసారి బిడ్డ తాగి వదిలేసిన పాలను మళ్లీ దాచి మరో వేళకు వాడకూడదు.

సీసాకంటే ఉగ్గుగిన్నె మంచిది, కడగడం తేలిక. అయితే ఎప్పుడూ తల్లి దగ్గరే తాగిన బిడ్డ పరీక్ష రోజున ఉగ్గుగిన్నెను ముట్టకపోవచ్చు. కనీసం వారం ముందు నుంచి రోజుకోసారి, తల్లి పక్క గదిలో ఉండగా, సహాయకురాలే పట్టించి అలవాటు చేయాలి.

తల్లి సంగతి కూడా చూసుకోవాలి. మూడు గంటలు దాటితే రొమ్ములు బరువెక్కి నొప్పి పుడతాయి. మెత్తటి నూలు గుడ్డ మడతలు లోపల పెట్టుకుని, మరో జత సహాయకురాలి సంచిలో ఉంచండి. కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచే పాలు తీసే పంపు ఎలక్ట్రానిక్ పరికరం కిందికి వస్తుంది, పరీక్ష గదిలోకి పనికిరాదు. దాన్నీ సహాయకురాలి దగ్గరే ఉంచాలి.

నెలలు నిండుతున్న గర్భిణికి కూర్చునే ఏర్పాటు మార్చమని అడగవచ్చా?

తప్పక అడగవచ్చు, చాలావరకు చేస్తారు కూడా. మన కళాశాలల్లో ఎక్కువగా ఉండేవి కూర్చునే పలకా రాసే పలకా ఒకే ఇనుప చట్రానికి బిగించిన బల్లలు. ఏడో నెల దాటాక ఆ సందులో పొట్ట పట్టదు. పట్టినా రెండున్నర గంటలు పక్కకు తిరిగి రాయవలసి వస్తుంది. విడి కుర్చీ, విడి బల్ల ఇవ్వమని అడగండి.

ఇక్కడ లోపలి సంగతి ఒకటి తెలిసి ఉండాలి. ఓఎంఆర్ పరీక్షలో సీటు అంటే హాల్‌టికెట్ నంబరు అంటించిన బల్ల మాత్రమే కాదు. ప్రశ్నపత్రం సిరీస్ సీటు వరుసను బట్టి పంచుతారు, హాజరు పట్టీ గదిని బట్టి ఉంటుంది. అందుకే మిమ్మల్ని మరో గదికి మార్చడంకంటే మీ సీటు ఉన్నచోటికే కుర్చీ, బల్ల తెప్పించడం వారికి సులువు. మీ గది పై అంతస్తులో ఉంటే మాత్రం మారడమే మేలు. అప్పుడు సీటింగ్ ప్లాన్‌లో మార్పు రాసి, హాజరు పట్టీలో నమోదు చేయవలసి ఉంటుంది. నంబర్లు ముందురోజు సాయంత్రం అంటిస్తారు కనుక ఆ పని జరుగుతుండగానే వెళ్లి అడిగితే పది నిమిషాల్లో తేలిపోతుంది. పరీక్ష ఉదయం 9.20కి అడిగితే ఎంత మంచి అధికారి అయినా తడబడతారు.

మరుగుదొడ్డికి దగ్గరగా, తలుపు పక్కన సీటు కావాలని కూడా అదే కాగితంలో రాయండి. గర్భిణికి చక్కెర సమస్య ఉండి మాత్రలు, ఇన్సులిన్ లేదా మధ్యలో ఏదైనా తినవలసిన అవసరం ఉంటే వైద్యుల చీటీ జతచేయాలి.

కేంద్రాన్నే దగ్గరికి మార్చమని కోరవచ్చా?

కోరవచ్చు, కానీ హాల్‌టికెట్ వచ్చాక చాలా సంస్థలు ఒప్పుకోవు. 2023 నవంబరులో కర్ణాటక హైకోర్టు సివిల్ జడ్జీల నియామక పరీక్షలో ఎనిమిదిన్నర నెలల గర్భిణి అయిన ఒక న్యాయవాది బెంగళూరుకు ప్రయాణించలేనని విన్నవిస్తే, ఆమె మంగళూరులోని జిల్లా న్యాయస్థానంలోనే రాసేందుకు ఏర్పాటు చేశారు. అది ఆ ఒక్కరి విన్నపం మీద, నియామక సంస్థే ముందుగా తీసుకున్న నిర్ణయం. పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి విశాఖపట్నం వెళ్లవలసిన నిండు గర్భిణులు ఈ ఉదాహరణ చూపి సంస్థకు రాయవచ్చు. కేంద్రంలోని చీఫ్ సూపరింటెండెంట్‌ను మాత్రం ఇది అడిగి లాభం లేదు.

ఏ కాగితాలు చూపాలి?

గర్భిణి అయితే ప్రసవ తేదీ అంచనా రాసిన వైద్యుల ధ్రువపత్రం, పాలిచ్చే తల్లి అయితే బిడ్డ జనన ధ్రువపత్రం. అది ఇంకా రాకపోతే ఆసుపత్రి డిశ్చార్జి పత్రం సరిపోతుంది. ఏఎన్ఎం ఇచ్చే మాతా శిశు సంరక్షణ కార్డులో ఈ తేదీలన్నీ ఉంటాయి కనుక దాన్ని వెంట ఉంచుకోండి. శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి, విజయనగరం ఘోష ఆసుపత్రి వంటి ప్రభుత్వ ఆసుపత్రి ముద్ర ఉన్న కాగితాన్ని గేటు దగ్గర ఎవరూ ప్రశ్నించరు.

దరఖాస్తు ఎలా రాయాలి? ఎవరికి ఇవ్వాలి?

సమయం, కేంద్రం మార్పు గురించి నిర్వహణ సంస్థకు. సీటు, గది, సహాయకురాలి గురించి చీఫ్ సూపరింటెండెంట్‌కు. రెండో దరఖాస్తు ఇలా ఉంటే చాలు:

"నేను ఈ నెల ఫలానా తేదీన మీ కేంద్రంలో పరీక్ష రాయవలసిన అభ్యర్థిని, హాల్‌టికెట్ నంబరు ఇది. నాకు నాలుగు నెలల బిడ్డ ఉంది. పరీక్ష జరిగే సమయంలో బిడ్డతో మా అత్తగారు ఆవరణలోని ఒక గదిలో ఉండేందుకు అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఆమె ఫోను గేటు దగ్గర అప్పగిస్తారు, పరీక్ష ముగిసేవరకు బయటికి వెళ్లరు, ఆమె ఈ పరీక్షకు అభ్యర్థి కారు. ఆమె ఆధార్ నకలు, బిడ్డ జనన ధ్రువపత్రం నకలు జతచేశాను."

రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదాని మీద సంతకం, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. నోటిమాట మీద ఆధారపడవద్దు. ముందురోజు 'సరేనమ్మా' అన్న అధికారి మరునాడు ప్రశ్నపత్రాల గదిలో ఉంటారు, గేటు దగ్గర ఉండేది వేరొకరు.

సంతకం ఉన్న ప్రతి చూపినా గేటు దగ్గర అత్తగారిని ఆపేస్తే?

వాదన వద్దు, గేటు మూసే సమయం దగ్గరపడుతుంది. మీరు లోపలికి వెళ్లండి, ఆ ప్రతిని అత్తగారి చేతిలో ఉంచండి. లోపల మొదట కనిపించిన ఇన్విజిలేటర్‌తో చీఫ్ సూపరింటెండెంట్‌కు గానీ, ఆ పరీక్షకు నియమించిన లైజన్ అధికారికి గానీ కబురు పంపించండి. ప్రశ్నపత్రం పంచేలోపు పది, పదిహేను నిమిషాలు దొరుకుతాయి, ఆ పని అంతలోనే అయిపోతుంది.

తనిఖీలో ఇబ్బంది ఉంటుందా?

మహిళలను మహిళా సిబ్బందే, తెర వెనుక తనిఖీ చేయాలి. చేతిలో పట్టుకునే లోహ పరికరం గర్భిణికి ఇష్టం లేకపోతే చేత్తో తనిఖీ చేయమని అడగవచ్చు. లోపల పెట్టుకున్న గుడ్డ మడతల గురించి ముందే ఒక మాట చెప్పండి, సిబ్బందికి అనుమానం రాదు.

పరీక్ష మధ్యలో నొప్పులు మొదలైతే?

ఆపుకోవాలని చూడకుండా వెంటనే ఇన్విజిలేటర్‌కు చెప్పండి. చీఫ్ సూపరింటెండెంట్ 108కి ఫోను చేయిస్తారు, మీ ఓఎంఆర్ పత్రాన్ని అప్పటివరకు నింపినంతవరకే స్వీకరించి, సమయం, కారణం నివేదికలో రాస్తారు. ఆ పేపరును మళ్లీ రాయనివ్వరు, నింపినంతవరకే మార్కులు పడతాయి. తొమ్మిదో నెలలో ఉన్నవారు ఇంటివారి ఫోను నంబరును, తాము చూపించుకునే ఆసుపత్రి పేరును ఒక కాగితం మీద రాసి, పరీక్ష మొదలయ్యే ముందే ఇన్విజిలేటర్‌కు ఇవ్వాలి. హడావిడిలో ఎవరిని పిలవాలో, ఎక్కడికి తీసుకువెళ్లాలో అప్పుడు వెతుక్కోనక్కరలేదు.